7.48 సీజీపీఏ జర్మనీలో ఎంతకి సమానం?

జర్మనీలో యంత్ర భాగాలు తయారుచేసే ఓ కంపెనీ, నాణ్యతా విభాగంలో పనిచేయడానికి మెకానికల్ ఇంజనీర్ కావాలని ఇంగ్లిష్‌లో ప్రకటన ఇచ్చిందనుకుందాం. హైదరాబాద్ జీడిమెట్లలో మూడేళ్లకు పైగా అదే పని చేస్తున్న ఓ కుర్రాడు దానికి దరఖాస్తు పెట్టాడు. రెజ్యూమెలో చదువు దగ్గర మనందరికీ అలవాటైన పట్టికే వేశాడు. పై వరసలో బీటెక్, 2020, 7.48. దాని కింద డిప్లొమా, 2017, 78. ఆ కింద ఎస్సెస్సీ, 2014, 9.2. మన దగ్గర ఎవరికి చూపించినా సంగతి తెలిసిపోతుంది. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరాడు, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లాడు, బ్యాక్‌లాగులు లేకుండా ఫస్ట్ క్లాసులో బయటపడ్డాడు.

ఆ కంపెనీలో దరఖాస్తులు చూసే ఉద్యోగినికి మాత్రం ఇవేవీ కనిపించవు. ఆమెకు కనిపించేది ఇంతే: ఈ అబ్బాయి పన్నెండో తరగతి చదివిన దాఖలా లేదు. ఇంజనీరింగ్ అన్నాడు కానీ 2017కీ 2020కీ మధ్య మూడేళ్లే ఉన్నాయి. 9.2, 78, 7.48 అనే మూడు అంకెలున్నాయి, ఏది ఎంతకో రాయలేదు. జర్మనీలో మార్కులు 1 నుంచి మొదలవుతాయి. 1 అంటే అందరికన్నా మెరుగు, 4 అంటే గట్టెక్కినట్టు, 5 అంటే తప్పినట్టు. ఆ లెక్కలో 7.48 అనే మార్కే ఉండదు. వందల దరఖాస్తులు చూడాల్సిన మనిషి ఈ చిక్కుముడి విప్పుతూ కూర్చోదు, పక్కన పెట్టి తర్వాతది తీసుకుంటుంది.

విదేశీ ఉద్యోగానికి రెజ్యూమె తయారుచేయడమంటే ఇంగ్లిష్ బాగుచేయడమేనని చాలామంది అనుకుంటారు. మన రెజ్యూమెలు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. వాటిలో తర్జుమా కావాల్సింది మన చదువుల వ్యవస్థ. నా దగ్గరికి వచ్చే రెజ్యూమెల్లో వ్యాకరణ దోషాల వల్ల దెబ్బతిన్నవి తక్కువ. ఇంటర్, ఎంపీసీ, మెమో, ఈసెట్, ఎగ్రిగేట్ లాంటి మాటల్ని ప్రపంచమంతా మనలాగే అర్థం చేసుకుంటుందన్న నమ్మకంతో రాసినవే ఎక్కువ. అందుకే ఈ కుర్రాడి రెజ్యూమెనే ముందు పెట్టుకుని, ఒక్కో వరసా ఎలా మార్చాలో చూద్దాం.

డిగ్రీ పేరుతో మొదలుపెడదాం. ఇక్కడ పాటించాల్సింది ఒకటే. సర్టిఫికెట్ మీద ఏ పేరుందో అక్షరం మార్చకుండా అదే రాయాలి, ఆ పేరుకు అర్థమేమిటో పక్కన ఒక్క ముక్కలో చెప్పాలి. బీటెక్‌ని ‘బ్యాచిలర్ ఆఫ్ ఇంజనీరింగ్’ అనో, ‘బ్యాచిలర్ ఆఫ్ సైన్స్’ అనో మారిస్తే అక్కడివాళ్లకు సులువుగా తెలుస్తుందని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయొద్దు. ఉద్యోగం ఖాయమయ్యాక కంపెనీ, వీసా ఇచ్చే కార్యాలయం రెండూ రెజ్యూమెని సర్టిఫికెట్‌తో పోల్చి చూస్తాయి. పేరు తేడా వస్తే, సదుద్దేశంతో మార్చామని చెప్పుకునే అవకాశం రాకముందే అనుమానం పుడుతుంది.

మన కుర్రాడి విషయంలో డిప్లొమా అనే మాట దగ్గర మరో గుంట ఉంది. జర్మనీ వాళ్లకు ‘డిప్లోమ్’ అన్న పేరు బాగా తెలుసు. యూరప్ అంతటా బ్యాచిలర్, మాస్టర్ పద్ధతి రాకముందు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఇంజనీర్లకు ఇచ్చిన పెద్ద డిగ్రీ అది, దాదాపు మాస్టర్స్ స్థాయిది. పదో తరగతి తర్వాత మన పాలిటెక్నిక్‌లో చేసే మూడేళ్ల డిప్లొమా అది కాదు. జర్మన్ మాట వాడితే బాగుంటుందని అక్షరాలు మార్చి ‘డిప్లోమ్’ అని రాస్తే, లేని డిగ్రీ ఉందని చెప్పినట్టే. అలాగని డిప్లొమా ఊసే ఎత్తకుండా వదిలేస్తే పదో తరగతికీ బీటెక్‌కీ మధ్య మూడేళ్లు మాయమవుతాయి. అందుకని అది పదో తరగతి తర్వాతి మూడేళ్ల చదువని స్పష్టంగా రాయాలి. ఆ డిప్లొమా ఆధారంగానే బీటెక్ రెండో ఏడాదిలో ప్రవేశం దొరికిందని కూడా రాయాలి. అప్పుడు మూడేళ్ల బీటెక్ అనే ప్రశ్న తలెత్తదు. లాటరల్ ఎంట్రీ అనే మాట ఒక్కటే రాసి ఊరుకుంటే చాలదు, దాని అర్థం కూడా పక్కనే ఉండాలి.

ఇక డిగ్రీ ఎవరిచ్చారన్నది. మనవాళ్లు రెజ్యూమెలో కాలేజీ పేరు పెద్దగా వేసి, యూనివర్సిటీని చిన్న అక్షరాల్లో వేస్తారు, లేదా అసలు వేయరు. అక్కడ ఇది తలకిందులు కావాలి. జర్మనీలో విదేశీ విద్యాసంస్థల గుర్తింపు చూసుకోవడానికి అనాబిన్ అనే ప్రభుత్వ డేటాబేస్ ఉంది, anabin అని వెతికితే దొరుకుతుంది. అందులో ఒక్కో సంస్థ పక్కన `H+`, `H-`, `H+/-` అనే గుర్తులుంటాయి. మొదటిది గుర్తింపు ఉన్నదని, రెండోది లేనిదని, మూడోది సంస్థ పేరును బట్టి మాత్రమే తేల్చలేమని. అక్కడ వెతకాల్సింది డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీని. ఊరి చివర ఉన్న అనుబంధ కాలేజీ పేరు కొడితే దొరక్కపోవచ్చు, దొరకలేదని కంగారు పడనక్కర్లేదు. కాలేజీకి స్వయంప్రతిపత్తి ఉన్నా డిగ్రీ పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటే అదే ముందు రావాలి. జేఎన్టీయూ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2008లో అది హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. ఉత్త జేఎన్టీయూ అని రాస్తే ఏ యూనివర్సిటీయో తేలదు. పట్టా మీద ఉన్న పూర్తి పేరు, చివర ఊరి పేరుతో సహా, వేయాలి.

ఇవన్నీ కలిపి చూస్తే ఆ కుర్రాడి చదువు ఇలా తయారవుతుంది.

```
2017-2020  Bachelor of Technology (B.Tech), Mechanical Engineering
Jawaharlal Nehru Technological University Hyderabad, India
Four-year degree; entered directly into year 2 on the basis
of a three-year engineering diploma (lateral entry)
CGPA 7.48 out of 10 (minimum pass 5.0), First Class

2014-2017  Diploma in Mechanical Engineering
State Board of Technical Education and Training, Telangana, India
Three-year technical course after Class 10; 78%
```

బీటెక్ కింద మరో వరసలో కాలేజీ పేరు, అది అనుబంధ కాలేజీ అన్న సంగతీ వేసుకోవచ్చు. పదో తరగతిని తీసేశాం. పైన డిగ్రీ, డిప్లొమా రెండూ ఉన్నప్పుడు ఎస్సెస్సీ జీపీఏ ఆ ఉద్యోగినికి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంటర్ చదివినవాళ్లు మాత్రం ఆ మాటను అలాగే వదిలేయకూడదు. బోర్డు పేరు పూర్తిగా వేసి, అది పన్నెండో తరగతి అని రాయాలి. ఎంపీసీ, బైపీసీ అనే పొట్టి అక్షరాల్ని గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం అంటూ విడదీసి ఇంగ్లిష్‌లో రాయాలి. ఎంసెట్ ర్యాంకు తీసేయడమే మేలు. ఎన్ని లక్షలమంది రాశారో, ఆ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుందో తెలిసినవాళ్లకే దానికి అర్థం.

ఇప్పుడు మార్కులు. మన కుర్రాడి దగ్గరున్న కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో మీద సీజీపీఏ 7.48 అని ఉంది. దాన్ని రెజ్యూమెలో అలాగే, ‘10కి’ అని చేర్చి రాయాలి. ఎంతొస్తే పాసో కూడా పక్కన చేర్చాలి. అతను చదివిన నిబంధనల్లో పాస్ కావడానికి కావాల్సిన కనీస గ్రేడ్ పాయింటు 5. ఈ ఒక్క అంకె చాలా పని చేస్తుంది. పది దాకా వెళ్లే కొలమానంలో అయిదు కిందిగీత అని తెలిస్తేనే 7.48 మధ్యలో ఎక్కడ నిలబడిందో చదివేవాళ్లకు బోధపడుతుంది.

చాలామంది దీన్ని శాతంలోకి మార్చాలనుకుంటారు. దానికి ప్రతి యూనివర్సిటీకీ తనదైన లెక్క ఉంటుంది, అది నిబంధనల పుస్తకంలో రాసి ఉంటుంది. హైదరాబాద్ జేఎన్టీయూలో ఈ కుర్రాడి బ్యాచ్‌కి సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో హెచ్చించాలి. అలా చూస్తే `(7.48 - 0.5) × 10 = 69.8` శాతం వస్తుంది. 0.75 తీసేయమనే యూనివర్సిటీలూ ఉన్నాయి. సీబీఎస్ఈ పదో తరగతిలో గ్రేడ్లు ఇచ్చిన రోజుల్లో 9.5తో హెచ్చించమనేది, ఆ లెక్కను బీటెక్‌కి పెట్టేసుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 7.48ని పదితో హెచ్చించి 74.8 అని రాసేవాళ్లు మరింత ఎక్కువ. అలా రాయడం వల్ల అయిదు శాతం ఊరికే పెరిగింది. ఎవరైనా యూనివర్సిటీ లెక్కతో సరిచూస్తే ఆ అయిదూ అబద్ధమని తేలుతుంది. కాబట్టి శాతం రాయాల్సివస్తే యూనివర్సిటీ సూత్రం ప్రకారం అని చెప్పి మరీ రాయాలి. దరఖాస్తు ఫారమ్ అడగకపోతే రాయకపోయినా నష్టం లేదు.

మరి జర్మన్ గ్రేడు? దానికి ‘సవరించిన బవేరియన్ సూత్రం’ అని ఒకటుంది. అక్కడి యూనివర్సిటీలు విదేశీ మార్కుల్ని తమ లెక్కలోకి తెచ్చుకోవడానికి దీన్నే ఎక్కువగా వాడతాయి. కొలమానంలో అత్యధికంగా రాగలిగిన మార్కులోంచి మనకు వచ్చిన మార్కు తీసేయాలి. దాన్ని అత్యధిక మార్కుకీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించాలి. వచ్చినదాన్ని మూడుతో హెచ్చించి ఒకటి కలపాలి. మన కుర్రాడి లెక్క ఇదీ.

```
1 + 3 × (10 - 7.48) / (10 - 5) = 2.51
```

అంటే 2.5. జర్మనీలో 1.6 నుంచి 2.5 దాకా ‘గూట్’, అంటే మంచి ఫలితం. 2.6 నుంచి 3.5 దాకా సంతృప్తికరం. కుర్రాడు సరిగ్గా గీత దగ్గర ఉన్నాడు. ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. పాస్ మార్కు అంటే 40 శాతమే కదా, 10కి 4 కదా అని కింద 5 బదులు 4 వేస్తే జవాబు 2.26 వస్తుంది. చూడ్డానికి మెరుగ్గానే ఉంటుంది కానీ తప్పు, ఎందుకంటే ఆ గ్రేడు పాయింట్ల పట్టికలో 40 శాతం దగ్గర నిలబడేది 5 పాయింట్లు. పైన సీజీపీఏ వేసి కింద శాతం వేసేవాళ్లూ ఉంటారు. ఒకే సూత్రంలో రెండు కొలమానాలు కలవకూడదు. శాతంలో చేస్తే మూడు అంకెలూ శాతాల్లోనే ఉండాలి. 69.8తో, 40 పాస్ మార్కుతో చేసినా ఈ కుర్రాడికి 2.51 వస్తుంది, కానీ అందరికీ ఇలా కలవదు. 8.5 వచ్చిన అమ్మాయికి సీజీపీఏ దారిలో 1.9, శాతం దారిలో 2.0 వస్తుంది. అందుకే మెమో మీద ఏ కొలమానం అచ్చయిందో దానితోనే లెక్క చేయడం పద్ధతి.

ఇంత శ్రమపడి చేసిన 2.5ని రెజ్యూమెలో ఎక్కడ పెట్టాలి? అసలు మార్కు పక్కన, సుమారుగా ఇంతకి సమానమని, ఏ సూత్రంతో వచ్చిందో చెప్పి పెట్టొచ్చు. అసలు మార్కును తీసేసి దాని స్థానంలో మాత్రం పెట్టకూడదు. అది మనం వేసుకున్న లెక్క, యూనివర్సిటీ ఇచ్చిన ఫలితం కాదు. అధికారికంగా కావాలంటే జర్మనీలో విదేశీ డిగ్రీలను పోల్చి ధ్రువీకరించే కేంద్ర కార్యాలయం ఉంది. జెడ్ఏబీ అంటారు, రుసుము తీసుకుని పత్రం ఇస్తుంది. అయితే ఆ పత్రం మన డిగ్రీ ఏ స్థాయిదో చెప్పడానికి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే దశలో దానికోసం ఆగనక్కర్లేదు. వీసా దగ్గరికొచ్చేసరికి అనాబిన్‌లో యూనివర్సిటీ, డిగ్రీ రెండూ సరిగ్గా దొరికితే ఆ పేజీల ప్రింటు సరిపోతుంది. దొరకనివాళ్లకు జెడ్ఏబీ పత్రం కావాలి. నర్సులు, డాక్టర్ల సంగతి పూర్తిగా వేరు. ఆ వృత్తుల్లో పనిచేయాలంటే అక్కడి రాష్ట్రాల అధికారుల దగ్గర వృత్తి గుర్తింపు తెచ్చుకోవాలి, డిగ్రీ పోలిక పత్రం అందుకు సరిపోదు.

ఇదే రెజ్యూమెని బ్రిటన్‌కి పంపితే మరో చోట కాలు జారుతుంది. మన మెమో మీద ఫస్ట్ క్లాస్ అని ఉంటుంది. మన దగ్గర 60 శాతం దాటితే చాలు అది వచ్చేస్తుంది. బ్రిటన్‌లో ఫస్ట్ క్లాస్ ఆనర్స్ సాధారణంగా 70 దాటినవాళ్లకే, అక్కడి దిద్దుబాటులో 70 దాటడం చాలా కష్టం. 60 నుంచి 69 దాకా వచ్చినవాళ్లది అప్పర్ సెకండ్, దాన్ని 2:1 అని రాస్తారు. చాలా ప్రకటనలు అడిగేది అదే. అందుకని మన ఫస్ట్ క్లాస్ పక్కన ‘ఆనర్స్’ అనే మాట చేర్చడం పెద్ద తప్పు. అలాగని 69.8ని మనమే 2:1 అని తేల్చేయడమూ సరికాదు. సీజీపీఏ, కొలమానం, పాస్ మార్కు, మెమో మీదున్న క్లాసు యథాతథంగా ఇచ్చి ఊరుకోవాలి. ఆన్‌లైన్ ఫారమ్‌లో బ్రిటన్ గ్రేడ్లలోంచే ఏదో ఒకటి ఎంచుకోవాల్సివస్తే, విదేశీ డిగ్రీ లేదా ఇతరములు అనే గడి ఉందేమో ముందు వెతకాలి. డిగ్రీ స్థాయిని పోల్చే పత్రం అడిగితే అక్కడ దాన్ని ఇచ్చే సంస్థ యూకే ఎనిక్.

అమెరికా లెక్క 4.0 మీద నడుస్తుంది. 7.48ని 0.4తో హెచ్చించి 2.99 జీపీఏ అని రాసేవాళ్లు తమ చదువుకు తామే అన్యాయం చేసుకుంటున్నారు. డబ్ల్యూఈఎస్ లాంటి మూల్యాంకన సంస్థలు అలా ఒక్క హెచ్చవేతతో తేల్చవు. ఒక్కో సబ్జెక్టు గ్రేడునీ విడిగా తీసుకుని, మన యూనివర్సిటీల్లో మార్కులు ఎంత బిగువుగా వేస్తారో దృష్టిలో పెట్టుకుని మారుస్తాయి. మన 60లు, 70లు ఆ పద్ధతిలో తరచూ మంచి గ్రేడుగానే నిలబడతాయి. అందుకే మూల్యాంకన నివేదిక చేతికి రాకుండా 4.0 అంకె రాయకపోవడమే మంచిది. ఈ కుర్రాడిలా లాటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లు బీటెక్‌తో పాటు డిప్లొమా మార్కుల మెమోలనూ మూల్యాంకనానికి సిద్ధంగా ఉంచుకోవాలి. బీటెక్ మెమోల్లో మొదటి ఏడాది ఉండదు కాబట్టి ఆ ఖాళీని పూడ్చేది డిప్లొమానే. మూడేళ్ల బీకామ్, బీఎస్సీ చదివినవాళ్లకు అమెరికాలో ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ బ్యాచిలర్స్ అంటే నాలుగేళ్లు. మూడేళ్ల డిగ్రీని దానికి సమానంగా లెక్కించని సంస్థలు చాలా ఉన్నాయి. అయినా డిగ్రీ ఎన్నేళ్లదో దాచకుండా రాయాలి. ఎమ్మెస్సీ, ఎంబీఏ ఉంటే అవి ముందు రావాలి.

ఉద్యోగ అనుభవం దగ్గరికి వద్దాం. ఈ కుర్రాడు తన హోదాని ‘జీఈటీ’ అనీ, తర్వాత ‘జేఈ, క్యూసీ’ అనీ రాశాడు. హోదాలు కూడా డిగ్రీ పేర్ల లాంటివే. కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో ఏముందో అదే రాయాలి, పొట్టి అక్షరాల్ని విప్పాలి. గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రెయినీ, జూనియర్ ఇంజనీర్, క్వాలిటీ కంట్రోల్ అని. సీనియర్ అని చేర్చుకుంటే ముచ్చటగానే ఉంటుంది, అనుభవ పత్రం మాత్రం ఒప్పుకోదు. అతని రెజ్యూమెలోనే సీఎంఎం అనే అక్షరాలు రెండు చోట్ల కనిపించాయి. చదువు దగ్గర అది కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, పని దగ్గర అది భాగాల కొలతలు తీసే కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్. రెండోది ప్రపంచమంతా తెలిసిన మాట, మొదటిది మన యూనివర్సిటీ గేటు దాటితే ఎవరికీ తెలియదు. మెమో అంటే అక్కడ ఆఫీసు నోటు, మార్కుల జాబితాను వాళ్లు ట్రాన్స్‌క్రిప్ట్ అంటారు. జీతం లక్షల్లో ఉంటే తీసేయాలి, అడిగిన ఫారమ్‌లో వేలల్లో, కరెన్సీ పేరుతో రాయాలి. 03/04/2021 అని తేదీ వేస్తే అమెరికా వాళ్లు దాన్ని మార్చి నెల నాలుగు అని చదువుతారు. నెలను అక్షరాల్లో రాస్తే ఆ గొడవ ఉండదు.

తండ్రి పేరు, మతం, పెళ్లయిందీ లేనిదీ, పాస్‌పోర్టు నంబరు, చివర సంతకంతో ప్రమాణ పత్రం, ఇవన్నీ మన బయోడేటా అలవాట్లు. అవేవీ అక్కర్లేదు. అమెరికా, బ్రిటన్‌లకు ఫొటో కూడా వద్దు. జర్మనీలో ఫొటో పెట్టే సంప్రదాయం ఇంకా ఉంది కానీ తప్పనిసరి కాదు. భాషల దగ్గర ‘ఫ్లూయెంట్’ అనే మాట కన్నా యూరప్ అంతటా వాడే A1 నుంచి C2 దాకా ఉన్న స్థాయి వేస్తే నయం. జర్మన్ నేర్చుకుంటుంటే పరీక్ష పాసైన స్థాయే రాయాలి, చదువుతున్న స్థాయి కాదు.

కవర్ లెటర్ మనవాళ్లకు ఇంకా కష్టమైన వ్యవహారం. బళ్లో సెలవు చీటీ రాయడం నేర్పిన పద్ధతిలోనే, ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి, వినయంగా మనవి చేసుకుంటూ, కష్టపడి నిజాయితీగా పనిచేస్తానని మాటిచ్చి, అవకాశమిస్తే రుణపడి ఉంటానని ముగిస్తారు. ఆ వినయం మన దగ్గర మర్యాద. అక్కడ చదివేవాళ్లకు మాత్రం ఆ ఉత్తరంలో ఒక్క విషయమూ దొరకదు. కష్టపడతానని ప్రతివాళ్లూ రాస్తారు. ఈ కుర్రాడిని నువ్వు రోజూ పొద్దున షాపులోకి వెళ్లగానే ఏం చేస్తావని అడిగితే, సీఎన్‌సీ లేత్ మీద బ్యాచ్ మొదలయ్యాక తెగిన మొదటి పీసును తీసుకుని కొలుస్తానన్నాడనుకోండి. కొలత హద్దు దాటితే ఏం చేస్తావంటే, బ్యాచ్ ఆపేస్తాను, ఆ అధికారం నాకుందన్నాడనుకోండి. ఉత్తరంలో ఉండాల్సింది అదే.

```
I inspect the first piece of every CNC turning batch with
micrometers, bore gauges and a coordinate measuring machine.
If it is out of tolerance, I have the authority to stop the batch.
```

ఈ రెండు వాక్యాల్లో గొప్పలేమీ లేవు. అయినా నాణ్యతా విభాగం పెద్దకి అవసరమైన సంగతులన్నీ ఉన్నాయి. ఏ పరికరాలు వాడగలడు, ఎలాంటి యంత్రాల దగ్గర పనిచేశాడు, ఎంత బాధ్యత అప్పగించారు. ఇంకో పేరాలో ప్రకటనలో అడిగిన ఒక అర్హతను పట్టుకుని, దానికి సంబంధించి తాను చేసిన ఒక పనిని ఇలాగే రాయాలి. అంకె ఉంటే అంకె ఇవ్వాలి, కంపెనీ లెక్కల్లో దొరికేదే ఇవ్వాలి. లాటరల్ ఎంట్రీ సంగతి కూడా ఇక్కడ ఒక్క వాక్యంలో ప్రస్తావిస్తే మంచిదని నా అభిప్రాయం. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు వర్క్‌షాపులో చేతులకు గ్రీజు పూసుకున్నవాడు, ఇంటర్ నుంచి వచ్చినవాడి కన్నా యంత్రాన్ని దగ్గరగా ఎరుగుతాడు. తయారీ కంపెనీకి ఆ తేడా విలువైనది. రెజ్యూమెలో వివరణ అవసరమైన ఖాళీలా కనిపించిన డిప్లొమా ఉత్తరంలో అతని బలం అవుతుంది.

చివరి పేరాలో వ్యవహారం సూటిగా తేల్చాలి. తాను భారత పౌరుడినని, పనిచేయడానికి వీసా కావాలని, ఇక్కడి ఉద్యోగంలో ఇన్ని రోజుల నోటీసు ఇవ్వాలని చెప్పాలి. దీన్ని దాస్తే ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోవడం తప్ప లాభం లేదు. ప్రకటనలో మనిషి పేరుంటే ఆ పేరుతో సంబోధించాలి, లేకపోతే నియామక బృందానికి అని రాస్తే సరిపోతుంది. ఉత్తరం మొత్తం ఒక పేజీ దాటకూడదు. ప్రకటన జర్మన్‌లో ఉంటే ఇంగ్లిష్ ఉత్తరం పంపేముందు ఆలోచించాలి, ఎందుకంటే ఆ ఉద్యోగానికి జర్మన్ మాట్లాడేవాళ్లే కావాలేమో.

ఆఖరిగా మన పేర్ల సంగతి. ఎస్సెస్సీ మెమో మీద ఇంటిపేరు ముందుంటుంది, బీటెక్ పట్టా మీద ఇంటిపేరు పొడి అక్షరంగా కుదించి ఉంటుంది, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో విడిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. విదేశంలో ఇవి ఇద్దరు ముగ్గురు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. రెజ్యూమె మీదా, ఉత్తరం మీదా, ఈమెయిల్ చిరునామాలోనూ పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే పేరు వేయాలి. సర్టిఫికెట్ల మీద పేరు వేరుగా ఉంటే చదువు భాగంలో ఒక్క వరసలో, డిగ్రీ ఫలానా పేరుతో జారీ అయిందని రాయాలి. అక్షరమే తేడా ఉంటే, ఒక చోట ఒక ‘హెచ్’ ఎక్కువై ఇంకో చోట తక్కువైతే, దాన్ని యూనివర్సిటీలోనో పాస్‌పోర్టు కార్యాలయంలోనో సరిచేయించుకోవడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి, ఆ పని దరఖాస్తులు మొదలుపెట్టకముందే చూసుకోవాలి. ట్రాన్స్‌క్రిప్టులకు కూడా అప్పుడే అర్జీ పెట్టాలి. మూల్యాంకన సంస్థలు చాలావరకు వాటిని మన చేతి నుంచి తీసుకోవు, యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలంటాయి, సీలు వేసిన కవరులోనో ఆన్‌లైన్‌లోనో. కంపెనీ అడిగిన రోజున పరీక్షల విభాగం కిటికీ దగ్గర వరసలో నిలబడితే ఆలస్యమైపోతుంది.